రివ్యూ రాసినావిడ మీ పేషెంటన్న మాట కూడా జవాబులో బయటపడకూడదు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో చిన్న స్కిన్ క్లినిక్ నడుపుతున్నాను. గూగుల్‌లో ఒకావిడ ఒక్క స్టార్ ఇచ్చి, తెలుగులోనే ఇలా రాశారు: "లేజర్ చేయించుకున్నాక మొహం ఇంకా నల్లబడింది. పద్దెనిమిది వేలు తీసుకున్నారు. మూడు రోజులు ఫోన్ చేసినా ఎత్తిన నాథుడు లేడు." ఎండలో తిరగొద్దని చెప్పాం, ఆవిడ వినలేదు. సంతకం పెట్టిన కన్సెంట్ ఫారం కూడా నా దగ్గర ఉంది. అందరికీ కనిపించేలా ఏమని జవాబు రాయాలి?

జవాబు:

డాక్టరుగారూ, ఎండ సంగతి, కన్సెంట్ ఫారం సంగతి ఆ జవాబులో ఒక్క ముక్క కూడా రాయకండి. అవి నిజం కావని కాదు. వాటిని చెప్పాల్సిన చోటు వేరు. ఆవిడతో విడిగా మాట్లాడేటప్పుడు చెప్పవచ్చు, రేపు వినియోగదారుల కమిషన్ అడిగితే అక్కడ చూపించవచ్చు. గూగుల్ పేజీలో మీ జవాబు చదివేవాళ్ళలో ఎక్కువమంది ఇంకా మీ క్లినిక్‌కి రానివాళ్ళు. లేజర్ విషయంలో ఎవరిది తప్పో తేల్చుకునే దారి వాళ్ళకి లేదు. రేపు నాకు ఏదైనా తేడా చేస్తే ఈ డాక్టరు నన్ను పిలిచి మాట్లాడతారా, నా సంగతి నలుగురిలో పెడతారా అన్నది మాత్రం ఆ నాలుగు వాక్యాల్లోనే వాళ్ళకి తెలిసిపోతుంది.

"ఆవిడే అన్నీ బయటపెట్టుకుంది కదా, ఇంక నేను దాచేదేముంది" అని చాలామంది డాక్టర్లు అడుగుతారు. తన సంగతి తాను చెప్పుకునే హక్కు పేషెంటుది. ఆవిడ చెప్పుకున్నంత మాత్రాన మీకు ఆ అనుమతి రాదు. 2002 నాటి వైద్య వృత్తి నైతిక నియమావళిలో 7.14 నిబంధన ప్రకారం, వృత్తిలో తెలిసిన పేషెంటు రహస్యాలను డాక్టరు బయటపెట్టకూడదు. మినహాయింపులు కొన్నే: న్యాయమూర్తి ఆదేశం మీద కోర్టులో చెప్పడం, ఒక వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ముప్పు ఉన్నప్పుడు చెప్పడం, ప్రభుత్వానికి తెలపాల్సిన అంటురోగాల గురించి చెప్పడం. ఒక స్టార్ రివ్యూ వచ్చిందన్నది అందులో లేదు. 2023లో కొత్త నియమావళి వచ్చింది కదా అని కొందరు అంటారు. దాన్ని అదే సంవత్సరం ఆగస్టులో పక్కన పెట్టి, 2002 నియమావళినే మళ్ళీ అమల్లోకి తెచ్చారు. అమెరికాలో చట్టం వేరు, కానీ అక్కడ జరిగింది చూస్తే ఈ పొరపాటు ఎంత తేలికగా జరుగుతుందో తెలుస్తుంది. డల్లస్‌లో ఒక పళ్ళ క్లినిక్ రివ్యూకి జవాబిస్తూ పేషెంటు ఇంటిపేరు, ఆరోగ్య వివరాలు రాసింది. 2019లో 10,000 డాలర్లు కట్టి ఆ కేసు ముగించుకోవాల్సి వచ్చింది.

జవాబు రాశాక దాన్ని ఇలా పరీక్షించుకోండి. ఈ రివ్యూ రాసిన మనిషి మీ క్లినిక్ గడప ఎన్నడూ తొక్కలేదనుకోండి. అప్పుడు కూడా మీ జవాబులో ప్రతి వాక్యం అబద్ధం కాకుండా నిలబడాలి. నిలబడని వాక్యం ఏదైనా ఉంటే, అది ఆవిడ మీ పేషెంటని ఒప్పేసుకుంటున్న వాక్యం.

మామూలుగా కోపంలో రాసే జవాబుని ఈ పరీక్షకి పెట్టి చూద్దాం.

"నమస్తే మేడమ్, మీరు పోయిన నెల మా దగ్గర పిగ్మెంటేషన్‌కి లేజర్ చేయించుకున్నారు. సన్‌స్క్రీన్ వాడమని, ఎండలో తిరగొద్దని స్పష్టంగా చెప్పాం, మీరు సంతకం కూడా పెట్టారు. ఇలాంటి నల్లదనం మన చర్మాల్లో మామూలే, కొన్ని నెలల్లో తగ్గుతుంది. ప్యాకేజీ ధర ముందే చెప్పాం. మీరు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం."

మొదటి వాక్యంలో మూడు విషయాలు బయటపడ్డాయి: ఆవిడ పేషెంటని, ఎప్పుడు వచ్చారని, ఏ సమస్యకి వచ్చారని. రివ్యూలో ఆవిడ "పిగ్మెంటేషన్" అన్న మాటే రాయలేదు, అది మీ కేస్ షీట్ నుంచి వచ్చింది. రెండో వాక్యం ఆవిడ మాట వినలేదని నలుగురిలో చెబుతోంది. చదివేవాళ్ళకి అందులో మీ జాగ్రత్త కనబడదు, నింద మీదికి రాకుండా చూసుకోవడమే కనబడుతుంది. మూడోది పైకి సౌమ్యంగా ఉన్నా అన్నిటికంటే ప్రమాదం. లేజర్ తర్వాత నల్లబడటం మన రంగు చర్మాల్లో తెలిసిన సంగతే, చాలాసార్లు అది తగ్గేదే. కానీ ఆవిడ మొహం ఇప్పుడు ఎలా ఉందో మీరు చూడలేదు. అది కాలిన గాయమా, మామూలు నల్లదనమా, మొదటి మచ్చలే మళ్ళీ వచ్చాయా అన్నది చూడకుండానే రోగనిర్ధారణ చేసి, ఫలితం కూడా చెప్పేశారు. రేపు తగ్గకపోతే ఆ వాక్యం స్క్రీన్‌షాట్‌గా మీ ముందుకే వస్తుంది. ధర గురించిన వాక్యం డబ్బు తీసుకున్నట్టు ఖాయం చేస్తోంది. చివరికి "కోలుకోవాలని" అన్న మంచిమాట కూడా ఆవిడకి జబ్బుందని, వైద్యం జరిగిందని ఒప్పుకుంటోంది.

దీనికి ఎదురు దారిలో జరిగే తప్పు ఒకటుంది. "మీ పేరుతో మా రికార్డుల్లో ఎవరూ లేరు, దయచేసి సరిచూసుకోండి" అని కొన్ని క్లినిక్‌లు రాస్తాయి. ఇందులో వివరాలేమీ లేవు కదా అనిపిస్తుంది. కానీ పేషెంటు కానివాళ్ళకి మీరు ఇలా రాస్తూ వస్తే, ఇలా రాయని ప్రతి చోటా ఆ మనిషి మీ పేషెంటే అని చదివేవాళ్ళకి తెలిసిపోతుంది. పైగా గూగుల్‌లో భర్త ఖాతాతోనో, ముద్దుపేరుతోనో రాసేవాళ్ళు బోలెడుమంది. రికార్డు లేదని మీరు రాసిన మర్నాడు ఆవిడ రసీదు ఫొటో పెడితే మీ మాటకి విలువ పోతుంది. ఉన్నారని గానీ లేరని గానీ చెప్పని ఒకే పద్ధతి అందరికీ పాటించండి. పేరు విషయంలోనూ అంతే. ఖాతా మీద ముద్దుపేరు ఉంటే, ఫైల్లో ఉన్న అసలు పేరుతో పలకరించకండి. పేరే లేకుండా "నమస్తే" అంటే చాలు.

ఇప్పుడు ఫిర్యాదుని విడదీసి చూడండి. అందులో మూడు సంగతులున్నాయి: చర్మం నల్లబడటం, డబ్బు, ఫోన్ ఎత్తకపోవడం. మొదటిది వైద్యం, దాన్ని బహిరంగంగా ముట్టుకోకూడదు. డబ్బు కూడా ఆవిడ ఖాతాకి సంబంధించిందే కాబట్టి విడిగానే మాట్లాడాలి. మూడోది క్లినిక్ నడిచే తీరుకి సంబంధించింది. మీకు ఎవరు ఫోన్ చేసినా వర్తించే సంగతి కాబట్టి, దాని గురించి నలుగురిలో నిజాయితీగా మాట్లాడవచ్చు. మీ జవాబుకి బలం ఇక్కడి నుంచే రావాలి. చాలా జవాబులు చప్పగా ఉండటానికి కారణం, డాక్టరు గోప్యత పేరుతో దీన్ని కూడా వదిలేసి "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" దగ్గర ఆగిపోవడం.

అందుకే రాసే ముందు ఫోన్ సంగతి తేల్చుకోండి. రిసెప్షన్ ఫోన్‌లో మిస్డ్ కాల్స్ జాబితా తెరిచి ఆ వారం మొత్తం చూడండి, ఆవిడ నంబరు ఒక్కటే కాదు. చిన్న క్లినిక్‌లలో మామూలుగా మూడు చోట్ల కాల్స్ పోతాయి. మధ్యాహ్నం క్లినిక్ మూసినప్పుడు ఫోన్ లోపలే మోగుతూ ఉంటుంది. సాయంత్రం రద్దీలో రిసెప్షన్‌లో ఉన్న ఒక్క మనిషి బిల్లులు చేస్తూ ఎత్తలేకపోతుంది. లేదా గూగుల్ పేజీలో ఉన్న నంబరు పాతది, ఇప్పుడు ఎవరి చేతిలోనూ లేదు. మూడోది అన్నిటికంటే ముందు చూడాల్సింది. మీ పేజీలో ఉన్న నంబరుకి మీరే వేరే ఫోన్ నుంచి చేసి చూడండి. కారణం దొరికాక, మారుస్తానని రాయగలిగిన ఒక్క మార్పు నిర్ణయించుకోండి. వచ్చే సోమవారం నుంచి చేయలేనిది ఈ రోజు జవాబులో రాయకండి.

కారణం మధ్యాహ్నం మూసే సమయమే అనుకుందాం. అప్పుడు జవాబు ఇలా ఉండవచ్చు:

"నమస్తే. క్లినిక్‌కి ఫోన్ చేసినవారికి సమాధానం దొరకకపోవడం మా లోపమే, అందుకు క్షమించండి. మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు వచ్చే కాల్స్ తప్పిపోతున్నాయని గమనించాం, ఇకపై ఆ సమయంలో కూడా ఫోన్ ఎత్తే ఏర్పాటు చేశాం. పేషెంట్ల గోప్యత దృష్ట్యా వైద్యం గురించి, బిల్లుల గురించి ఇక్కడ ఎవరితోనూ చర్చించం. మీరు చెప్పాలనుకున్నది నేను స్వయంగా వింటాను. సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం 10 నుంచి 1 లోపు ఈ నంబరుకి చేసి, మేనేజరుని అడగండి: (నంబరు). ఇట్లు, డాక్టర్ (మీ పేరు)."

ఇందులో క్షమాపణ ఫోన్ గురించే ఉంది, వైద్యం గురించి లేదు. అది కూడా "మీరు ఫోన్ చేసినప్పుడు" అని కాక "ఫోన్ చేసినవారికి" అని ఉంది. ఆవిడ ఎన్నడూ ఫోన్ చేయకపోయినా ఈ వాక్యం నిజమే. గోప్యత వాక్యంలో "ఎవరితోనూ" అన్న మాట ముఖ్యం. అది లేకపోతే, ఆవిడ సంగతేదో దాస్తున్నట్టు వినిపిస్తుంది. "గోప్యత వల్ల నేను నిజం చెప్పలేకపోతున్నాను" అని మాత్రం రాయకండి. చెప్పకుండానే ఆవిడని అబద్ధాలకోరు అన్నట్టవుతుంది, వాదన మళ్ళీ మొదలైనట్టే. "మీకు జరిగిన అసౌకర్యానికి" అన్న మాట కూడా వద్దు. మొహం నల్లబడిందని బాధపడే మనిషికి అసౌకర్యం అన్న మాట చురుక్కుమంటుంది, పైగా ఏదో జరిగిందని ఒప్పుకున్నట్టూ అవుతుంది. ఇంతకంటే పొడుగు చేయకండి. పొడుగైన ప్రతి జవాబులోనూ వివరణ దూరుతుంది, వివరణతోపాటు కేస్ షీట్ వచ్చేస్తుంది.

రివ్యూ ఏ భాషలో ఉంటే జవాబు ఆ భాషలోనే రాయండి. బెంగళూరులో కన్నడంలో, ఇంగ్లీషులో వచ్చేవే ఎక్కువ కాబట్టి ఇదే జవాబుని ఆ రెండు భాషల్లోనూ ముందే రాయించి పెట్టుకోండి. కానీ రెండో వాక్యం, అంటే మీరు మార్చింది చెప్పే వాక్యం, ప్రతిసారీ కొత్తగా రాయాలి. పది రివ్యూల కింద ఒకే జవాబు అతికించి ఉంటే, అసలు ఎవరూ చదవడం లేదని ఎవరికైనా అర్థమవుతుంది.

రివ్యూ చూసిన గంటలో జవాబు పెట్టకండి, వారం దాటనివ్వకండి. ఒక రోజు ఆగి, ఆ కేసు తెలియని మనిషి చేత చదివించండి. "ఇది చదివితే ఈవిడ గురించి మీకేం తెలిసింది?" అని అడగండి. "ఏమీ తెలియలేదు, ఫోన్ సంగతి తెలిసింది" అంటే పెట్టేయవచ్చు. రివ్యూలో కోర్టు, లాయరు, నోటీసు అన్న మాటలుంటే మాత్రం ముందు మీ వృత్తి బాధ్యత బీమా కంపెనీకి చెప్పండి. దావాకి దారితీసే విషయం తెలిసిన వెంటనే తమకి చెప్పాలని, తమ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదని చాలా పాలసీల్లో షరతు ఉంటుంది.

జవాబులో ఇచ్చిన నంబరు ఎవరి చేతిలో ఉంటుందో ఆ మనిషిని కూర్చోబెట్టి చెప్పడం జవాబు రాయడం కంటే ముఖ్యం. ఆవిడ ఫోన్ చేసినప్పుడు "ఓ, ఆ రివ్యూ పెట్టింది మీరేనా?" అని మొదలుపెడితే మీరు రాసిందంతా వృథా. పేరు, రిజిస్టర్ అయిన ఫోన్ నంబరు, పుట్టిన తేదీ అడిగి, సరిపోయాకే ఫైలు తెరవాలి. మధ్యలో ఆపకుండా విని, ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాసుకుని, డాక్టరు ఏ రోజు ఎన్నింటికి ఫోన్ చేస్తారో చెప్పాలి. చెప్పిన వేళకి మీరు చేయాలి. రికార్డులు కావాలంటే "దేనికండీ?" అని అడగక్కర్లేదు. అదే 2002 నియమావళి ప్రకారం పేషెంటు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఆ ఫైల్లో ఈ రోజు కొత్తగా ఏ గీతా, ఏ మాటా చేర్చకండి. ఎండ గురించి చెప్పినట్టు అప్పుడు రాసి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఇప్పుడు ఇరికించిన వాక్యం మీ మిగతా రికార్డు మొత్తాన్నీ అనుమానంలో పడేస్తుంది. రివ్యూ స్క్రీన్‌షాట్, మిస్డ్ కాల్స్ వివరాలు, మీ జవాబు ప్రతి, ఇవన్నీ కేస్ షీట్‌లో కాకుండా వేరే ఫిర్యాదుల ఫైల్లో తేదీ వేసి పెట్టుకోండి.

ఆవిడ ఎవరో మీకు నిజంగా తెలుసు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. లేజర్ తర్వాత మొహం నల్లబడిందని ఒక పేషెంటు అంటుంటే, ఆవిడ ఫోన్ చేసేదాకా ఆగకండి. రివ్యూ సంగతి పక్కన పెట్టి, వైద్యం చేసిన డాక్టరుగా మీరే ఫాలో-అప్ కాల్ చేయండి. బొబ్బలు, నొప్పి, రసి ఉన్నాయా అడిగి, ఉంటే ఆ రోజే రమ్మనండి. లేకపోయినా దగ్గరి రోజుల్లోనే ఫీజు లేకుండా చూస్తామని చెప్పండి. అది ఆలస్యమైనకొద్దీ ఆవిడకే నష్టం. ఆ కాల్‌లో రివ్యూ ఊసే వద్దు. ఆవిడే ఎత్తితే "చూశానండీ, దాని గురించి కూడా మాట్లాడదాం, ముందు మీ చర్మం చూడనివ్వండి" అనండి, అంతే. ఫోన్ ఇంట్లో వేరేవాళ్ళు ఎత్తితే క్లినిక్ పేరు, లేజర్ అన్న మాట చెప్పకుండా మీ పేరు, నంబరు ఇచ్చి పెట్టేయండి. స్కిన్ క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో అత్తగారికీ భర్తకీ చెప్పకుండా వచ్చేవాళ్ళు తక్కువేం కాదు.

రివ్యూ తీసేస్తే డబ్బు వెనక్కిస్తామని గానీ, ఇంకో సెషన్ ఉచితమని గానీ అనకండి. చెడు రివ్యూ మార్చడానికో తీయడానికో ప్రతిఫలం ఇవ్వడం గూగుల్ నిషేధించిన పని. అంతకంటే ముఖ్యం, ఆ వాట్సాప్ సందేశాన్నే ఆవిడ స్క్రీన్‌షాట్ తీసి రివ్యూకి జోడిస్తే మీ దగ్గర చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. డబ్బు తిరిగివ్వడం న్యాయమనిపిస్తే రివ్యూతో ముడిపెట్టకుండా ఇవ్వండి. `Report review` నొక్కితే ఇది పోతుందన్న ఆశ కూడా పెట్టుకోకండి. వైద్యం మీద పేషెంటుకీ క్లినిక్‌కీ తేడా వస్తే గూగుల్ తీర్పు చెప్పదు. బూతులుంటేనో, మీ నర్సు ఫోన్ నంబరు పెట్టేస్తేనో, పోటీ క్లినిక్ వాళ్ళు రాశారని తేలితేనో, వేరే క్లినిక్ గురించి రాసింది మీ పేజీలో పడితేనో నొక్కండి.

ఇంకో చిక్కు ఇంట్లోవాళ్ళతో వస్తుంది. మీ భార్యో భర్తో తమ్ముడో కోపం పట్టలేక తమ సొంత ఖాతాతో అయిదు స్టార్లు ఇచ్చి "డాక్టరుగారు చాలా మంచివారు, కొందరు చెప్పింది వినకుండా ఎండలో తిరిగి నింద వేస్తారు" అని రాస్తారు. ఆవిడ ఎండలో తిరిగిందని వాళ్ళకి ఎలా తెలిసింది? మీరు ఇంట్లో చెప్పడం వల్లే. గోప్యత పోయిందని ఆ ఒక్క వాక్యం సాక్ష్యం చెబుతుంది. సొంతవాళ్ళు, సిబ్బంది రివ్యూలు రాయడం గూగుల్ నియమాలకీ విరుద్ధమే. ఈ రోజే అందరికీ చెప్పండి. జవాబు పెట్టేటప్పుడు కూడా మీరు క్లినిక్ ఖాతాలో ఉన్నారో లేదో చూసుకుని `Reply` నొక్కండి.

ఒక రివ్యూకి క్లినిక్ తరఫున ఒక్క జవాబే ఉంటుంది, దాన్ని మార్చుకోవచ్చు. ఆవిడ తన రివ్యూని మార్చి ఇంకా ఘాటుగా రాసినా మీ జవాబుని వాదనకోసం మార్చకండి. నంబరో వేళలో మారితే మాత్రం మార్చండి. మాట్లాడుకుని అంతా సర్దుకున్నాక కూడా "ఈ సమస్య పరిష్కారమైంది" అని చేర్చకూడదు, అది మళ్ళీ ఆవిడ పేషెంటని చెప్పడమే. చెప్పాలో లేదో ఆవిడ ఇష్టం.

ఇక మంచి రివ్యూల కింద మీరు ఇప్పటిదాకా రాసిన జవాబులు ఒకసారి తెరిచి చూడండి. "మీ మొటిమలు తగ్గినందుకు సంతోషం", "మీ పాప తామర నయమైనందుకు ఆనందం" లాంటివి అక్కడ ఉండే అవకాశం చాలా ఉంది. పొగిడినవాళ్ళ విషయంలోనూ నియమం అదే. వాటిని "మీ మాటలకు ధన్యవాదాలు, మా సిబ్బందికి చెబుతాం" అని మార్చేసి, ఆ తర్వాతే ఈ కొత్త జవాబు పెట్టండి. లేకపోతే వైద్యం గురించి ఎవరితోనూ చర్చించం అన్న మీ వాక్యం కిందికి నాలుగు రివ్యూలు జరిపి చూసిన మనిషికే అబద్ధమని తేలిపోతుంది.